‘నాన్నా, నీకేది ముఖ్యం?’ అని అడిగారా?

ఇంట్లో పెద్దాయనకు ఒంట్లో బాగోలేదు. ఆసుపత్రిలో చేర్చారు. రెండో రోజు రాత్రి డాక్టరు బయటకొచ్చి ‘వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు, మీ నిర్ణయం చెప్పండి’ అంటారు. అన్నయ్య బెంగళూరులో, చెల్లెలు న్యూజెర్సీలో. వాట్సాప్‌లో కుటుంబ గ్రూపు మోగిపోతుంటుంది. పక్కనున్న మేనమామ ‘ఏది అవసరమో అది చేయమనండి, డబ్బు సంగతి తర్వాత చూద్దాం’ అంటాడు. మీరు సంతకం పెడతారు. ఆ సమయంలో ఒక్క మనిషి అభిప్రాయం మాత్రం ఎవరికీ తెలియదు. ఆయన లోపల మంచం మీద ఉన్నారు.

ఈ పరిస్థితి గురించే అతుల్ గవాండే 2014లో ‘బీయింగ్ మోర్టల్’ అనే పుస్తకం రాశారు. ఆయన బోస్టన్‌లో సర్జన్. తండ్రి ఆత్మారామ్ మహారాష్ట్రలోని ఉటి అనే పల్లె నుంచి అమెరికా వెళ్లి, ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్ అనే చిన్న ఊళ్లో యూరాలజిస్టుగా స్థిరపడ్డారు. తల్లి పిల్లల డాక్టరు. ఇంట్లో ముగ్గురు డాక్టర్లున్నా, తండ్రికి పెద్ద జబ్బు వచ్చేసరికి ఏం మాట్లాడాలో తెలియలేదని గవాండే రాశారు. పుస్తకంలో అందరినీ ఎక్కువగా కదిలించేది ఆ భాగమే. అయితే అక్కడికి వెళ్లే ముందు ఆయన వృద్ధాప్యం గురించి చెప్పిన రెండు మూడు సంగతులు చూద్దాం. అవి మన ఇళ్లలో ఈ వారమే పనికొస్తాయి.

ముందు పాదాలు చూశారు

వృద్ధుల వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టర్లను జెరియాట్రీషియన్లంటారు. వాళ్లు ఏం చేస్తారో చూద్దామని గవాండే తన ఆసుపత్రిలోనే ఒక క్లినిక్‌లో కూర్చున్నారు. 85 ఏళ్ల ఒకావిడ వచ్చారు. ఆమె జబ్బుల జాబితా పెద్దదే. నడుంనొప్పి, కీళ్లవాతం, గ్లాకోమా, బీపీ, గతంలో పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్. పైగా ఊపిరితిత్తిలో కొత్తగా ఒక చిన్న గడ్డ కనిపించింది. అది పాత క్యాన్సరే పాకిందేమో అన్న అనుమానం కూడా ఉంది. మనం ఆ డాక్టరు స్థానంలో ఉంటే దేని గురించి ఆలోచిస్తాం? గవాండే కూడా ఆ గడ్డ గురించో, నడుంనొప్పి గురించో మాట్లాడతారనుకున్నారు.

ఆ డాక్టరు ఆవిడ బూట్లు, సాక్సులు విప్పించి పాదాలు చూశారు. వేళ్ల మధ్య పుళ్లు, పెరిగిపోయిన గోళ్లు, అరికాలు ముందు భాగంలో మందమైన ఆనెకాయలు, వాపు. వంగి గోళ్లు తీసుకోలేకపోతున్నారు, పాదాలు కడుక్కోవడమూ కష్టమైపోయిందన్నమాట. కాళ్ల సంగతి ఇలా ఉంటే పడిపోవడం ఖాయమని ఆయన లెక్క. ఆవిడకు క్యాన్సర్ కంటే ముందు ప్రమాదం తెచ్చేది కింద పడటమేనని తేల్చారు.

వృద్ధులు పడిపోవడానికి ప్రధానంగా మూడు కారణాలని పుస్తకం చెబుతుంది. ఒకటి, తూలడం. రెండు, కండరాల బలహీనత. మూడోది చాలామంది ఊహించనిది. నాలుగుకు మించి మందులు వాడటం. ఈ మూడింట్లో ఏదీ లేనివాళ్లు ఏడాదిలో పడిపోయే అవకాశం 12 శాతం. మూడూ ఉంటే దాదాపు 100 శాతం. తుంటి ఎముక విరిగితే తర్వాత ఏమవుతుందో మన బంధువుల్లో ఎవరో ఒకరి అనుభవం మీకు తెలిసే ఉంటుంది.

ఆ డాక్టరు ఆవిడను పాదాల నిపుణుల దగ్గరికి పంపారు. ఒంట్లో నీటిని బయటికి పంపే బీపీ మాత్ర గురించి కూడా ఆలోచించారు. నీళ్లు తక్కువ తాగుతూ ఆ మాత్ర వేసుకుంటే లేచినప్పుడు కళ్లు తిరుగుతాయి. ఆవిడ ఆరు నెలల్లో మూడు కిలోలకు పైగా తగ్గారు. ఏం తింటున్నారని అడిగితే కొవ్వు తక్కువ, క్యాలరీలు తక్కువ ఉన్న తిండి అన్నారు. ఆ పథ్యం మానేయమన్నారు. మధ్యలో ఏదైనా తినమన్నారు, వీలైతే ఎవరితోనైనా కలిసి భోంచేయమన్నారు. దాదాపు ఏడాది తర్వాత గవాండే కనుక్కుంటే ఆవిడ సొంత ఇంట్లోనే ఉన్నారు, కాస్త బరువు పెరిగారు, ఒక్కసారీ పడలేదు.

మన ఇళ్లలో ఇది సరిగ్గా తలకిందులుగా నడుస్తుంది. ‘ఆ వయసులో నెయ్యి ఎందుకు, పెరుగు ఎందుకు’ అంటాం. 80 దాటిన మనిషి చిక్కిపోతుంటే ‘షుగర్ కంట్రోల్‌లో ఉంది’ అని సంతోషిస్తాం. గుండె డాక్టరు రాసినవి, మోకాళ్ల డాక్టరు రాసినవి, నిద్రకని ఇంకెవరో రాసినవి అన్నీ ఒకే డబ్బాలో పోగుపడతాయి. వాటన్నింటినీ ఒక్కసారి ఒకే డాక్టరు ముందు పెట్టి ‘ఇందులో ఏవి తీసేయొచ్చు?’ అని అడిగేవాళ్లు తక్కువ. మీ అంతట మీరు ఏదీ ఆపకూడదు. బీపీ, గుండె, ఫిట్స్ మందులు ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదం. కానీ ఆ ప్రశ్న అడగడానికి ఫీజు పెట్టి ఒకసారి వెళ్లినా నష్టం లేదు.

ఇలాంటి శ్రద్ధ నిజంగా పనిచేస్తుందా అన్నదానికి పుస్తకంలో ఒక పరీక్ష ఉంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 70 దాటిన 568 మందిని తీసుకున్నారు. సగం మందిని జెరియాట్రిక్ బృందం చూసింది, సగం మందిని మామూలు డాక్టర్లు చూశారు. 18 నెలల తర్వాత చనిపోయినవాళ్ల సంఖ్య రెండువైపులా ఒకటే. అంటే ఆయుష్షు పెరగలేదు. కానీ మొదటి గుంపులో పనులు చేసుకోలేని స్థితికి చేరినవాళ్లు పావువంతు తగ్గారు, డిప్రెషన్‌లో పడ్డవాళ్లు సగమే. ఇంత మంచి ఫలితం వచ్చాక ఏం జరిగింది? ఖర్చు గిట్టుబాటు కావడం లేదని కొద్ది నెలల్లోనే విశ్వవిద్యాలయం ఆ విభాగాన్ని మూసేసింది. గవాండే ఈ మాట చాలా మామూలుగా చెప్పి ముందుకెళ్లిపోతారు. చదివేవాళ్లకు మాత్రం అక్కడ కాసేపు ఆగిపోవాలనిపిస్తుంది.

వంద పిట్టల నర్సింగ్ హోమ్

అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గరలా పది మంచాల ఆసుపత్రి కాదు. సొంతంగా బతకలేని వృద్ధులు చివరిదాకా ఉండే చోటు. అక్కడ మందులు వేళకు ఇస్తారు, శుభ్రంగా ఉంచుతారు, పడిపోకుండా చూస్తారు. అయినా లోపలివాళ్లకు అది ఇల్లులా అనిపించదు. ఎప్పుడు లేవాలో, ఏం తినాలో, ఎవరితో గది పంచుకోవాలో ఇంకెవరో నిర్ణయిస్తారు.

1991లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూబెర్లిన్ అనే చిన్న ఊళ్లో బిల్ థామస్ అనే యువ డాక్టరు ఒక నర్సింగ్ హోమ్ బాధ్యత తీసుకున్నారు. అక్కడున్నవాళ్లను పీడిస్తున్నవి విసుగు, ఒంటరితనం, నిస్సహాయత అని ఆయనకు అనిపించింది. మందేమిటి? రెండు కుక్కలు, నాలుగు పిల్లులు, వంద పిట్టలు! ప్రభుత్వ అనుమతి తెచ్చి మరీ అన్నింటినీ దాదాపు ఒకేసారి దించారు. పిట్టలు వచ్చే సమయానికి పంజరాలు రాలేదు. తెచ్చినాయన వాటిని ఒక గదిలో వదిలేసి వెళ్లిపోయాడు. సిబ్బంది పంజరాలు బిగించడానికి తంటాలు పడుతుంటే, గాజుతలుపు బయట వృద్ధులంతా చేరి పగలబడి నవ్వారట.

భార్య పోయాక తిండి మానేసి, ప్రాణం తీసుకోబోయిన ఒక పెద్దమనిషిని అక్కడ చేర్చారు. ఆయన గదిలో రెండు చిలకల్ని పెట్టారు. మొదట పట్టించుకోలేదు. తర్వాత మంచం మీద వాటి వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత సిబ్బందికి వాటి ఇష్టాయిష్టాలు చెప్పసాగారు. మూడు నెలలకు తిరిగి ఇంటికి వెళ్లిపోయారు. రెండేళ్లపాటు లెక్కలు చూస్తే, దగ్గర్లోని అలాంటి మరో కేంద్రంతో పోల్చినప్పుడు ఇక్కడ ఒక్కొక్కరికి రాసే మందులు సగానికి తగ్గాయి. మరణాలు 15 శాతం తగ్గాయి. ఎందుకు తగ్గాయో ఆ అధ్యయనం చెప్పలేదు. ‘బతకడానికి ఒక పని దొరికింది కాబట్టి’ అన్నది థామస్ నమ్మకం.

దీన్ని చదివి రేపే చిలకల్ని కొనుక్కురమ్మని కాదు. మన దేశపు చిలకల్ని పంజరంలో పెంచడం చట్టరీత్యా నేరం కూడా. ఇంట్లో పెద్దవాళ్ల చేతుల్లోంచి మనం లాగేసుకున్న పనులేమిటో మాత్రం చూసుకోవచ్చు. ‘నువ్వు కూర్చో అమ్మా, నేను చేస్తాగా’ అన్న మాట ప్రేమతోనే అంటాం. కూరగాయలు తరగడం, మనవడిని బస్సెక్కించడం, కరెంటు బిల్లు కట్టిరావడం ఒక్కొక్కటిగా వెళ్లిపోయాక మిగిలేవి టీవీ, మాత్రలు.

‘అదంతా అమెరికా గోల, మనకు ఉమ్మడి కుటుంబం ఉందిగా’ అనేవాళ్లకూ పుస్తకంలో జవాబుంది. గవాండే తాతగారు సీతారామ్ ఉటిలో దాదాపు 110 ఏళ్లు బతికారు. రాత్రుళ్లు గుర్రమెక్కి పొలం చుట్టూ తిరిగి చూసుకునేవారు. చుట్టూ పిల్లలు, మనవలు. చివరికి కోర్టు పనిమీద బస్సులో వెళ్లి, దిగుతుండగా బస్సు కదలడంతో పడి, తలకు దెబ్బ తగిలి పోయారు. మనవడికి ఆ జీవితం అందంగానే కనిపించింది. కానీ దాన్ని నిలబెట్టినవాళ్లు ఎవరో కూడా ఆయన మర్చిపోలేదు. పెద్దాయన తన ఇష్టప్రకారం బతకాలంటే ఇంట్లో ఎవరో వెంట ఉండి కనిపెట్టుకోవాలి. మన ఇళ్లలో ఆ పని ఎప్పుడూ కోడళ్ల మీదే పడింది. పైగా చేతిలో కాస్త డబ్బుంటే తల్లిదండ్రులూ విడిగానే ఉండాలనుకుంటారు, పిల్లలూ అంతే. ఇది అమెరికా సంగతే కాదు, ఇప్పుడు మన కూకట్‌పల్లిలోనూ, గుంటూరులోనూ కనిపిస్తున్నదే.

చాక్లెట్ ఐస్‌క్రీం, ఫుట్‌బాల్

పుస్తకంలో రెండో సగం నయం కాని జబ్బుల గురించి. ఇక్కడ సూజన్ బ్లాక్ అనే డాక్టరు కథ వస్తుంది. ఇలాంటి జబ్బుల్లో రోగితో, కుటుంబంతో ఎలా మాట్లాడాలో ఇతర డాక్టర్లకు నేర్పే నిపుణురాలు ఆమె. ఆమె తండ్రి జాక్ బ్లాక్ కాలిఫోర్నియాలో రిటైరైన సైకాలజీ ప్రొఫెసర్. 74 ఏళ్ల వయసులో ఆయన మెడ దగ్గర వెన్నుపాములో కణితి కనిపించింది. ఆపరేషన్ చేస్తే కాళ్లూ చేతులూ పూర్తిగా పడిపోయే అవకాశం 20 శాతం. చేయకపోతే అది 100 శాతం.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం ఆమె తండ్రితో కబుర్లు చెప్పి బయల్దేరారు. దారిలో గుర్తొచ్చింది. ఆయనకు నిజంగా ఏది కావాలో తనకు తెలియదని. వెనక్కి వెళ్లి అడిగారు. బతికి ఉండటం కోసం ఎంతవరకు భరించగలవు, ఏ స్థితిలో ఉంటే బతకడం నీకు ఫర్వాలేదు అని. చాక్లెట్ ఐస్‌క్రీం తింటూ టీవీలో ఫుట్‌బాల్ చూడగలిగితే చాలు, దానికోసం ఎంత బాధైనా పడతానన్నారాయన. ఆమె బిత్తరపోయారు. ఆయన జీవితమంతా పుస్తకాలు, పరిశోధనలు. ఆయన ఫుట్‌బాల్ చూడటం ఆమె ఎప్పుడూ గమనించనేలేదు. తననే చెప్పమని ఉంటే, ఆలోచనలు లేని జీవితం ఆయనకొద్దు అని చెప్పి ఉండేవారేమో.

ఆపరేషన్ తర్వాత మెడలో రక్తస్రావమైంది. సర్జన్లు బయటకొచ్చి, మళ్లీ లోపలికి తీసుకెళ్లాలి, అయినా చాలా నెలలు, బహుశా ఎప్పటికీ తీవ్ర వైకల్యంతో ఉంటారు, ఏం చేయమంటారని అడిగారు. ఆలోచించడానికి మూడు నిమిషాలే ఉంది. ఆమె ఒక్కటే అడిగారు. ఆయన బతికితే చాక్లెట్ ఐస్‌క్రీం తినగలరా, ఫుట్‌బాల్ చూడగలరా? చూడగలరన్నారు. అయితే చేయండి అన్నారు. ఆయన ఆ తర్వాత పదేళ్లు బతికారు. వైకల్యంతోనే మరో రెండు పుస్తకాలు, పన్నెండుకు పైగా పరిశోధన వ్యాసాలు రాశారు.

ఈ కథలో అసలు విషయం ఆయన బతకడం కాదు. జవాబు ‘వద్దు’ అయి ఉంటే కూడా ఆ మూడు నిమిషాల్లో ఆమెకు అంతే స్పష్టత ఉండేది. ‘అంతా చేయండి’, ‘ఇక చాలు’ అన్న రెండు మాటల మధ్య ఊగిసలాడే పని తప్పింది.

గవాండే తండ్రికీ సరిగ్గా అలాంటి కణితే వచ్చింది. ఎడమ చేతి తిమ్మిరితో, మెడనొప్పితో మొదలైంది. 2006లో ఎంఆర్‌ఐ తీస్తే మెదడు కింది నుంచి భుజపుటెముకల దాకా వెన్నుపాములో కణితి. ఇద్దరు సర్జన్లను కలిశారు. మొదటాయన వెంటనే ఆపరేషన్ అన్నారు. తండ్రి ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తుంటే విసుక్కున్నారు. రెండో ఆయన, క్లీవ్‌ల్యాండ్‌లోని ఎడ్వర్డ్ బెంజెల్, కూర్చుని అన్నింటికీ జవాబిచ్చారు. తర్వాత, మీకు దేని గురించి ఎక్కువ భయం అని తిరిగి అడిగారు. చేతులు పోతే సర్జరీలు చేయలేనని నా భయం అన్నారు తండ్రి. అయితే జబ్బు కంటే ఆపరేషన్ భయంకరం అనిపించేంత వరకు ఆగుదాం, లక్షణాలు ముదిరినప్పుడు చూద్దాం అన్నారు బెంజెల్. తండ్రి రెండేళ్లకు పైగా తన ప్రాక్టీసు చేసుకున్నారు. రోటరీ డిస్ట్రిక్ట్ గవర్నర్‌గానూ పనిచేశారు.

2010 నాటికి తూలడం, చేతుల్లో పట్టు తగ్గడం మొదలయ్యాయి. అప్పుడు ఇంట్లో హాల్లో కూర్చుని కొడుకు తండ్రిని అడిగారు. సూజన్ బ్లాక్ చెప్పిన ప్రశ్నలే. తండ్రి జవాబు సూటిగా వచ్చింది. జాక్ బ్లాక్‌లా కాదు. మంచానపడి, మెషీన్ల మీద, ఎవరో ఒకరు 24 గంటలూ చూసుకునే జీవితం తనకొద్దు. అంతకంటే చావే నయం.

ఆపరేషన్ మొదలైన కొన్ని గంటలకు గుండె లయ తప్పింది. బెంజెల్ బయటకొచ్చి ఆపేయాలా, కొనసాగించాలా అని కుటుంబాన్ని అడిగారు. ఆ నిర్ణయం తాను తీసుకోవాల్సిన పనిలేదని, తండ్రి ఎప్పుడో తీసేసుకున్నారని గవాండేకు అప్పుడు తోచింది. తండ్రి భయం చావు కాదు, కాళ్లూ చేతులూ పడిపోవడం. రానున్న నెలల్లో ఆ ప్రమాదం దేనివల్ల ఎక్కువ అని అడిగారు. ఆపేస్తే ఎక్కువ అన్నారు సర్జన్. అయితే కానివ్వండి అన్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత ఇచ్చిన రేడియేషన్ ఫలించలేదు. కీమో ప్రస్తావన వచ్చింది. దానికి వెళ్లకుండా ఇంటికే వచ్చే హాస్పిస్ సేవలు తీసుకున్నారు. నర్సు వచ్చి ఏ మందు ఏ వేళకు, నొప్పి పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి సర్దిపెట్టింది. 2011 ఆగస్టులో ఆయన ఇంట్లోనే కన్నుమూశారు. చితాభస్మాన్ని వారణాసిలో గంగలో కలిపారు.

చికిత్స ఆపితే తొందరగా పోతారా?

ఇదే అందరి భయం. పుస్తకంలో ఉదహరించిన 2010 నాటి మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పరిశోధన ఇక్కడ ముఖ్యం. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో సగం మందికి మామూలు చికిత్స ఇచ్చారు. మిగతా సగం మందికి దాంతోపాటు పాలియేటివ్ కేర్, అంటే నొప్పి, ఆయాసం, దిగులు తగ్గించే ఉపశమన వైద్యం మొదటి నుంచీ జోడించారు. రెండో గుంపువాళ్లు కీమో ముందే ఆపేశారు, బాధ తక్కువ పడ్డారు. అయినా 25 శాతం ఎక్కువకాలం బతికారు. ఒక్క పరిశోధనతో అన్ని జబ్బులకూ ఇదే వర్తిస్తుందనుకోకూడదు. కానీ ఉపశమన వైద్యం అంటే చేతులెత్తేయడం అన్న అభిప్రాయం సరికాదని తేలింది. మామూలు చికిత్స నడుస్తుండగానే దాన్ని తీసుకోవచ్చు.

డాక్టర్లు ఎందుకు ముందే చెప్పరు? ఆ ఆయుష్షు అంచనాలో వాళ్లే పొరబడతారు. చివరి దశ రోగులు ఎంతకాలం ఉంటారో డాక్టర్లను అడిగిన ఒక పరిశోధనలో 63 శాతం మంది ఎక్కువ అంచనా వేశారు. రోగితో పరిచయం ఎంత ఎక్కువైతే పొరపాటు అంత పెద్దది. ఇష్టమైన మనిషికి తక్కువ రోజులు చెప్పడానికి నోరు రాదు కదా. అందుకే ‘ఎన్నాళ్లు’ అని అడిగి రాని జవాబు కోసం ఎదురుచూడటం కన్నా, ‘రాబోయే మూడు నాలుగు నెలలు ఎలా ఉండొచ్చు, బాగా జరిగితే ఎలా, బాగా జరక్కపోతే ఎలా’ అని అడిగితే డాక్టర్లు కూడా సులువుగా మాట్లాడతారు.

ఈ పుస్తకంలో ఒక లోటుంది. డబ్బు గురించి చాలా తక్కువ మాట్లాడుతుంది. అక్కడ హాస్పిస్ ఖర్చు ఎక్కువగా ప్రభుత్వ బీమా భరిస్తుంది. మన దగ్గర ఐసీయూలో పది రోజులంటే ఇంటి కాగితాలు బ్యాంకుకు చేరతాయి. ‘ఎంతవరకు’ అన్న ప్రశ్నలో డబ్బు కూడా ఉందని పెద్దవాళ్లకు తెలుసు, పిల్లలకూ తెలుసు, ఎవరూ అనరు. ఇంకో తేడా, అక్కడ జబ్బు పేరు రోగికే మొదట చెబుతారు. ఇక్కడ ‘నాన్నకు చెప్పకండి డాక్టర్’ అంటూ మనమే గుమ్మం దగ్గర అడ్డుకుంటాం. చెప్పకుండా ఏం కావాలో ఎలా అడుగుతాం? ఆయనను అడగాల్సింది ముందు ‘నీ జబ్బు గురించి నీకెంత తెలుసుకోవాలనుంది’ అని. ‘వద్దు, మీరే చూసుకోండి’ అంటే అదీ ఒక జవాబే.

ఎలా అడగాలి?

ఆసుపత్రి మంచం పక్కన కాదు. ఆరోగ్యం నిలకడగా ఉన్నప్పుడు, ఇంట్లో, ఒక్కరే. నలుగురు అన్నదమ్ములు చుట్టూ కూర్చుంటే అది పంచాయితీలా ఉంటుంది. గవాండే ప్రశ్నల్ని మన మాటల్లో పెడితే దాదాపు ఇలా ఉంటాయి. ‘డాక్టరు చెప్పినదాంట్లో నీకేం అర్థమైంది నాన్నా?’ ఇది మొదటిది. చాలాసార్లు ఇక్కడే తెలుస్తుంది, ఆయన గ్యాస్ అనుకుంటున్నారు, మనం గుండె అనుకుంటున్నాం. తర్వాత ‘దేనికి భయంగా ఉంది?’ ఆ తర్వాత ‘ఇంకా బాగా లేకపోతే ఏది మాత్రం పోకూడదు? ఏది పోయినా ఫర్వాలేదు?’ ‘ఎంత బాధ వరకైతే ఓర్చుకుంటావు, ఏది వద్దు?’

అడిగాక నోరు మూసుకోవాలి. కష్టమైన పని ఇదే. ‘అలాంటి మాటలెందుకు, నీకేం కాదు’ అని మనమే కొట్టేస్తాం. సూజన్ బ్లాక్ చెప్పేదేమంటే, అడిగేవాళ్లు సగం కంటే ఎక్కువ సేపు మాట్లాడుతున్నారంటే మరీ ఎక్కువ మాట్లాడుతున్నట్టేనని. ఆయన ‘శుభమా అని ఈ మాటలేంటి’ అని లేచిపోతే వదిలేయండి. వారం తర్వాత ఎవరో బంధువు ఆసుపత్రి కబురు వచ్చినప్పుడు ‘మనకైతే ఏం చేయాలంటావు?’ అని అడిగితే మాట దానంతటదే కదులుతుంది. ఒకసారి వచ్చిన జవాబు శాశ్వతం కాదు. మనిషి అలవాటుపడే కొద్దీ గీత జరుగుతుంది. జబ్బు మారినప్పుడల్లా మళ్లీ అడగాలి. మతిమరుపు జబ్బు మొదలైన ఇళ్లలో మాత్రం వాయిదా వేయకండి, అడగడానికి ఉన్న సమయం కొద్దిదే.

ఆ మాటలకు మన చట్టంలో చోటుంది. నయమయ్యే ఆశ లేని స్థితిలో ఏ చికిత్సలు వద్దో ముందే రాసిపెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది. మొదట మేజిస్ట్రేట్ సంతకం తప్పనిసరి కావడంతో ఎవరూ రాయలేకపోయారు. 2023 జనవరిలో దాన్ని సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరించుకుంటే చాలు. మాట్లాడలేని స్థితి వస్తే తరఫున నిర్ణయించేవాళ్ల పేర్లూ అందులో రాయాలి. ఆసుపత్రిలో రెండు వైద్య బృందాలు చూసి ఒప్పుకున్నాకే అది అమలవుతుంది కాబట్టి, చిన్న జబ్బుకు వైద్యం ఆపేస్తారన్న భయం అక్కర్లేదు. ఉపశమన వైద్యానికి హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో విభాగం ఉంది. స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా చూస్తుంది. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లోనూ ఈ కేంద్రాలు పెట్టారు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ రాస్తే అలవాటైపోతుందని మాత్రలు దాచేయకండి. డాక్టరు చెప్పిన మోతాదులో వాడే నొప్పి రోగికి ఆ సమస్య అరుదు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, దానికి మందు మొదటిరోజే అడగండి.

పుస్తకం చదివాక నేను మా అమ్మను అడిగాను. ఆమెకు 76. ‘ఇంట్లోనే ఉండాలి, ఆసుపత్రి వద్దు’ అంటుందనే అనుకున్నా. ఆమె మామిడికాయ ముక్కలు తుడుస్తూ, ‘ఆసుపత్రి అయినా ఫర్వాలేదులే, సాయంత్రం మీ పిన్నితో ఫోన్‌లో మాట్లాడగలిగితే చాలు. మాట పోతే మాత్రం నన్ను లాగొద్దు’ అంది. రోజూ ఏడింటికి వాళ్లిద్దరూ అరగంట మాట్లాడుకుంటారని తెలుసు. అది ఆమెకు ఇంత అని తెలియదు. ఆ వాక్యాన్ని తేదీ వేసి ఆమె మెడికల్ ఫైల్లో మందుల జాబితా వెనక రాసిపెట్టాను. తమ్ముడికి ఫోటో తీసి పంపాను. ఒక్క మాట వాడు ఎదురడిగాడు, ‘మరి నీ సంగతి?’ అని. ఆ కాగితం ఇంకా ఖాళీగానే ఉంది. ఈ ఆదివారం మా ఆయనతో కూర్చుంటున్నాను.